చిక్కటి సీసాలో పోయిన పీక్

రాస్తున్నావా అమ్మలూ? నేను చెప్పింది చెప్పినట్టే రాయి, నీ సొంత పైత్యం కలపకు. పేర్లు మాత్రం ఎవరివీ వద్దు. వాళ్ళంతా ఇక్కడిక్కడే ఉన్నారు, రేపు ఏ పెళ్ళిలోనో ఎదురుపడాల్సిన వాళ్ళు.

ఇది నా దగ్గర డిగ్రీ చదువుకున్న ఒకమ్మాయి సంగతి. నేను గుంటూరులో ఆడపిల్లల కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేదాన్ని కదా. ఆ అమ్మాయి వినుకొండ అవతల పల్లెనుంచి వచ్చి హాస్టల్లో ఉండేది. వాళ్ళ నాన్నది పత్తి, మిరప వ్యవసాయం. మిరపకోతలప్పుడు ఇంటికి వెళ్ళొస్తే వారం రోజులు దాని చేతులు మండుతూనే ఉండేవి, ల్యాబులో బ్యూరెట్ గొట్టం పట్టుకుని ఉఫ్ ఉఫ్ మని ఊదుకునేది. నవ్వొచ్చేది నాకు. తెలివైన పిల్ల. అంతకంటే ఓపికైన పిల్ల. మా సబ్జెక్టులో తెలివికంటే ఓపికే ఎక్కువ పనికొస్తుంది.

నేను రిటైరైన చాన్నాళ్ళకి, ఒక రంజాన్ నెలలో, మధ్యాహ్నం ఎండలో మన ఇంటికొచ్చింది. చంకలో ఇంత లావు కాగితాల కట్ట. అప్పటికది డిగ్రీ కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్. పర్మనెంటు పోస్టు కావాలంటే పీహెచ్‌డీ ఉండాలి. ఉద్యోగం చేసుకుంటూనే యూనివర్సిటీలో రిజిస్టర్ చేయించుకుంది. సెలవుల్లోనూ ఆదివారాల్లోనూ ల్యాబుకెళ్ళి లాక్కొచ్చింది. ఇవ్వాల్సిన గడువు ఒకసారి పెంచారు, రెండోసారి పెంచారు, ఇక పెంచరట. నెలాఖరుకి థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. అన్నేళ్ళ పనీ గాలికి పోయినట్టే.

"మేడం, సైన్స్ మీరు చూడక్కర్లేదు. అది గైడు గారు చూసేశారు. ఇంగ్లీషు ఒక్కటి దిద్దిపెట్టండి చాలు," అంది.

"సైన్స్ చూడకుండా ఇంగ్లీషెట్లా దిద్దుతానే? నువ్వేం రాశావో తెలియకుండా తప్పు రాశావని ఎట్లా చెప్పను?"

"అయితే చూడండి మేడం. చూసి మెచ్చుకోండి. మెచ్చుకునేవాళ్ళు లేక మొహం వాచి ఉన్నాను."

నాకు ఉపవాసం. దానికోసం టీ పెట్టాను. మీరు తాగకుండా నేనెట్లా తాగుతాను మేడం అని అక్కడే పెట్టేసింది. టీ మీద మీగడ కట్టింది. దాని ముందు కూర్చుని కాగితాలు తిప్పుతూనే ఉన్నాను.

ఇక్కడ నీకు కొంచెం చదువు చెప్పాలి. విసుక్కోకు. ఇది అర్థంకాకపోతే ఆ పిల్లకి ఏం జరిగిందో అర్థంకాదు.

మా నాన్న దూది ఏకేవాడని నీకు తెలుసుగా. మనిషంత విల్లు, దానికి బిగించిన నరం, కొట్టడానికి ఒక కొయ్య గుండు. ఆ గుండుతో నరాన్ని కొడితే దుం దుం మని మోగుతూ వణికేది. గాల్లో ఉంటే కాసేపు వణుకుతుంది. దూదిలో పెట్టి కొడితే ఆ వణుకంతా దూది లాగేసుకుంటుంది. దూది విచ్చుకుంటుంది, నరం ఆగిపోతుంది.

అణువు కూడా అట్లా వణికేదే. అందులో అణువుకి రెండు అంతస్తులనుకో. కింద మామూలు స్థితి, పైన వెలుగు తగిలినప్పుడు చేరే స్థితి. ఒక్కో అంతస్తులోనూ వణుకుకి మెట్లున్నాయి. అసలు తక్కువ వణుకు ఒక మెట్టు, ఇంకొంచెం వణుకు ఇంకో మెట్టు, అట్లా. మధ్యలో నిలబడటానికి వీల్లేదు, మెట్టు మీదే ఉండాలి.

గదిలో ఉన్న సీసాలో అణువులు దాదాపు అన్నీ కింది అంతస్తులో కింది మెట్టు మీదే ఉంటాయి. వెలుగు తగిలితే పై అంతస్తుకి పోతాయి. కొన్ని అక్కడి కింది మెట్టు మీదికి, కొన్ని ఒక మెట్టు పైకి, కొన్ని రెండు మెట్లు పైకి. అందుకే అణువు ఏ వెలుగుని ఎంత తింటుందో గీత గీస్తే, దాన్నే అబ్జార్ప్షన్ గీత అంటాం, ఒక్క శిఖరం, అంటే పీక్, రాదు, మెట్లమెట్లుగా వరస వస్తుంది. ఎక్కువ మెట్లు ఎక్కాలంటే ఎక్కువ శక్తి కావాలి, కాబట్టి ఆ వరస శక్తి ఎక్కువుండే నీలం వైపుకి సాగుతుంది.

"తర్వాత అవి మళ్ళీ కిందికి దూకుతాయి, వెలుగొస్తుంది. అంతేగా నానమ్మా?"

అంతే కాదు. అదే మెలిక. దూకేముందు పైన కాస్త ఆగుతాయి. ఆ కాస్త అంటే మన లెక్కలో ఏమీ కాదు గానీ, వణుకు చల్లారడానికి దానిలో వెయ్యో వంతు చాలు. చుట్టూ ఉన్న ద్రవం దూదిలాగా ఆ వణుకుని లాగేసుకుంటుంది, వేడిగా పోతుంది. పైన ఏ మెట్టు మీదికి ఎక్కినా సరే, దూకే టైముకి అణువు పై అంతస్తులో అట్టడుగు మెట్టు మీదికి దిగి కూర్చుంటుంది. అక్కడినుంచి కింది అంతస్తుకి దూకుతుంది. కింద కూడా సరిగ్గా అడుగు మెట్టు మీదే పడాలని లేదు. వణుకుతూ పడొచ్చు. ఒక మెట్టు మీద పడితే ఆ మెట్టంత శక్తి తగ్గిన వెలుగొస్తుంది, రెండో మెట్టు మీద పడితే ఇంకా తగ్గిన వెలుగు. కాబట్టి ఇచ్చే వెలుగు గీతలో, అదే ఎమిషన్‌లోనూ, మెట్ల వరస ఉంటుంది గానీ అది శక్తి తక్కువుండే ఎరుపు వైపుకి సాగుతుంది. అబ్జార్ప్షన్ గీతకి అద్దం పెట్టినట్టు ఉంటుంది.

ఎక్కేటప్పుడు ఎక్కువ తిని, దిగేటప్పుడు తక్కువ ఇస్తుందన్నమాట. అందుకే ఆ తిరిగిచ్చే వెలుగు, ఫ్లోరెసెన్స్ అంటాం దాన్ని, ఎరుపు వైపుకి జరిగినట్టు కనిపిస్తుంది. ఎరుపు వైపు అంటే మిరపకాయ ఎరుపు కాదు. ఊదాగా లోపలికి పోయింది నీలంగా బయటికి రావడం, నీలంగా పోయింది ఆకుపచ్చగా రావడం, అదీ ఎరుపు వైపుకి జరగడమే.

రెండు వరసలకీ ఉమ్మడిగా ఉండేది ఒక్క మెట్టు. అడుగు మెట్టునుంచి అడుగు మెట్టుకి ఎక్కడం, అడుగు మెట్టునుంచి అడుగు మెట్టుకి దిగడం. ఆ రెండూ దాదాపు ఒకచోటే పడతాయి. అణువు పైనున్నంతసేపట్లో చుట్టూ ఉన్న ద్రవం కొంచెం సర్దుకుంటుంది కాబట్టి ఆ రెంటికీ మధ్య ఎంతో కొంత ఖాళీ ఉంటుంది, అంతే. ఈ ఉమ్మడి మెట్టు సంగతి బాగా రాసుకో. ఆ పిల్ల కొంప ముంచింది అదే.

ఇక దాని థీసిస్. అయిదు వలయాలు అతుక్కున్న ఒక పసుప్పచ్చ పదార్థం. దానికి నూనెలాంటి తోకలు తగిలించి మూడు కొత్త పదార్థాలు తయారుచేసింది. ఒకదానికి పొట్టి తోక, ఒకదానికి మధ్యరకం, ఒకదానికి పొడుగు. మూడింటి అబ్జార్ప్షన్ గీతలూ చక్కగా ఉన్నాయి. మొదటి పీక్ అన్నిటికంటే ఎత్తు, తర్వాతది కొంచెం పొట్టి, ఆ తర్వాతది ఇంకా పొట్టి. ఎమిషన్ దగ్గరికొచ్చేసరికి తోక పెరిగేకొద్దీ వెలుగు ఎరుపు వైపుకి జరుగుతోంది. పొట్టి తోకకి కొంచెం, మధ్యరకానికి ఇంకొంచెం, పొడుగు తోకకి ఏకంగా బారెడు. తోక పెరిగితే పై అంతస్తులో అణువు ఆకారం బాగా మారిపోతోంది, అందుకే తిన్న వెలుగుకీ ఇచ్చిన వెలుగుకీ మధ్య ఇంత ఖాళీ, అని అధ్యాయమంతా దాని మీదే నడిచింది. గైడు దాన్నప్పటికే పేపరుగా అచ్చు వేయించాడు. థీసిస్‌కి ప్రాణం అదే.

ముందు ఇంగ్లీషే దిద్దాను. ఇక్కడొక 'ద', అక్కడొక కామా. ఆ బొమ్మ దగ్గరికి వచ్చినప్పుడల్లా మాత్రం చెయ్యి ఆగిపోతోంది. పొడుగు తోక ఎమిషన్‌లో రెండే పీక్‌లు. అబ్జార్ప్షన్‌లో మూడున్నాయి, అద్దంలో రెండే కనిపిస్తే మూడోది ఎక్కడికి పోయిందీ? అబ్జార్ప్షన్‌లో అన్నిటికంటే పొడుగ్గా నిలబడింది మొదటిది. ఎమిషన్‌లోనూ అదే పొడుగ్గా ఉండాలి. లేదు. మధ్యరకం తోక బొమ్మలో అది భుజంలాగా కాస్త వంగి కనిపిస్తోంది. పొట్టి తోకలో ఇంకొంచెం తేలింది.

స్కేలు తెచ్చి పెట్టాను. ఆ అణువుకి మెట్టు ఎత్తు మా కొలతలో సుమారు పద్నాలుగు వందలు, ఆ వలయాలు సాగి ముడుచుకునే వణుకు అది. పొడుగు తోకకి వచ్చిందన్న ఆ బారెడు ఖాళీ కొలిస్తే సరిగ్గా ఒక మెట్టు, దాని మీద కాస్త. ఆ కాస్తే అసలు ఖాళీ. మిగతాదంతా మొదటి పీక్ లేకపోవడం వల్ల వచ్చింది.

ఇంకొకటి. పైకెక్కినప్పుడు ఆకారం నిజంగా అంత మారితే, ఎక్కేటప్పుడే ఆ గీత తెలియజెయ్యాలి. మొదటి పీక్ కుంగి తర్వాతవి లేవాలి. ఇక్కడ మూడు పదార్థాల అబ్జార్ప్షన్ గీతలూ ఒకదాని మీద ఒకటి పెడితే తేడా తెలియట్లేదు.

దాన్ని మర్నాడు మళ్ళీ రమ్మన్నాను.

"ఎమిషన్ తీసిన సొల్యూషన్ ఎంత చిక్కగా కలిపావే?"

"చిక్కగానే మేడం. మా ల్యాబులో అంతే. ఎమిషన్ తీసే ఫ్లోరిమీటర్ లాంప్ సగం చచ్చిపోయింది కదా, కొత్తది కొనట్లేదు. పలచగా కలిపితే గీతంతా గడ్డిపరకల్లాగా ఊగుతుంది. అందుకని ఎంత కరిగితే అంత వేసేస్తాం. మా సీనియర్లు కూడా అట్లాగే తీశారు."

"మరి అబ్జార్ప్షన్?"

"దానికి అందులోంచి కొంచెం తీసి పలచన చేస్తాం. లేకపోతే స్కేలు దాటిపోతుందిగా."

"అంటే అబ్జార్ప్షన్‌కి పలచటిది, ఎమిషన్‌కి చిక్కటిది."

"అవును మేడం. రెండు సీసాలు." చెప్పి, నా మొహం చూసింది. "ఏమైంది మేడం?"

"ఈ మూడింట్లో ఏది ఎక్కువ కరుగుతుంది?"

దానికి తెలుసు. తోక ఎంత పొడుగైతే అంత ఎక్కువ కరుగుతుంది, అదే దాని రెండో అధ్యాయంలో రాసింది. పొడుగు తోక సీసాయే అన్నిటికంటే చిక్కన.

నీకు అర్థమైందా? సీసాలో ఒక అణువు వెలుగు ఇస్తుంది. ఆ వెలుగు సీసా గోడ దాటి బయటికి రావాలంటే మధ్యలో ఉన్న మిగతా అణువుల్ని దాటుకుని రావాలి. ఆ ఉమ్మడి మెట్టు వెలుగుని అవి తినగలవు, అది వాటి మొదటి పీక్ పడే చోటే పడుతుంది కాబట్టి. రెండో పీక్, మూడో పీక్ వెలుగుని తినలేవు, అవి ఎక్కడానికి చాలని శక్తి. చిక్కగా ఉంటే మొదటి పీక్‌ని సీసాలోనే మింగేస్తాయి. బయటికి వచ్చేది రెండోది నుంచే. చూసేవాడికి ఎమిషన్ మొత్తం ఎరుపు వైపుకి నడిచినట్టు ఉంటుంది. నడవలేదు. ముందు వరసలో మనిషి లేడు, అంతే.

దాని బ్యాగులో సీసాలున్నాయి. చిక్కటి సీసా ఒకటి, ఖాళీ సీసా ఒకటి, పలచన చెయ్యడానికి టోలుయీన్ ఒకటి. తీసుకురమ్మని నేనే చెప్పాను ఫోన్‌లో. ఎందుకో చెప్పలేదు. ఆ వాసన ఇంట్లో పడకూడదని వెనక వరండాలో పెట్టుకున్నాం. వెలుగు రాకుండా మీ తాత పాత లుంగీలు గ్రిల్లుకి కట్టాం. కొట్లో దొంగనోట్లు చూసే ఊదారంగు టార్చి ఉంటుంది చూడు, అది మీ బాబాయి బట్టల కొట్టునుంచి తెప్పించాను.

"పెళ్ళిచూపులకి పిలిచి పరదాలు కట్టినట్టుంది మేడం," అంది. నవ్వించాలని చూస్తోంది, ఎవరిని నవ్వించాలనో మరి.

చిక్కటి సీసా మీద టార్చి వేసింది. ఆకుపచ్చ తిరిగిన నీలం, చెరువులో లోతు నీళ్ళలాగా. తర్వాత అందులోంచి ఒక్క చుక్క తీసి ఖాళీ సీసాలో వేసి టోలుయీన్ పోసి ఊపింది. రంగేమీ కనిపించలేదు, నీళ్ళలాగా ఉంది. దాని మీద టార్చి వేసింది.

నీలం. శుభ్రమైన నీలం, అంచుల్లో ఊదా తిరిగి. అదే పదార్థం, అదే చుక్క. రెండు సీసాలూ పక్కపక్కన పెడితే రెండు రంగులు.

నాకు ఆ నీలం ఎంత నచ్చిందంటే సుభానల్లా అనబోయాను. దాని మొహం చూసి ఆగిపోయాను. అది టార్చి ఆర్పేసింది.

"కంటితో చూస్తే నమ్మకూడదు మేడం. కొలవాలి," అంది.

"కొలువు మరి."

ఆ వారం కాలేజీకి సెలవు పెట్టి ల్యాబులో కూర్చుంది. సగం చచ్చిన లాంప్ అయినా సరే, ఓపిక ఉంటే పని చేస్తుంది. పలచటి సొల్యూషన్ పెట్టి, ఒకే గీతని మళ్ళీ మళ్ళీ తీసి, అన్నీ కలిపి సగటు చేసింది. గడ్డిపరకలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని అసలు గీత తేలుతుంది అట్లా చేస్తే. ఫోన్‌లో ఫోటో పంపింది. మొదటి పీక్ వచ్చేసింది. అన్నిటికంటే ఎత్తుగా నిలబడింది. అబ్జార్ప్షన్‌కి అచ్చం అద్దం.

మూడు పదార్థాలకీ తీసింది. మూడింటి ఎమిషన్‌లూ ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి. మూడింటికీ ఒకటే ఖాళీ, చిన్నది. తోక పొడుగైనా పొట్టిదైనా అణువుకి లెక్కే లేదు. అధ్యాయం మొత్తం సొల్యూషన్ ఎంత చిక్కగా కలిపామన్నదాని చరిత్ర, అంతే.

అంత అందమైన గీతలు నా సర్వీసులో నేను చూడలేదమ్మలూ. పుస్తకంలో వేసుకోవచ్చు. అవి రావడంతోనే దాని థీసిస్ పోయింది.

గైడు దగ్గరికి నన్ను తోడు రమ్మంది. బస్సులో మిర్చి టిక్కీల, అదే బస్తాల, పక్కన నిలబడి దగ్గుకుంటూ వెళ్ళాం. ఆయన చెడ్డవాడని రాయకు. మర్యాదగానే కుర్చీ వేశాడు, చల్లటి నీళ్ళిప్పించబోయి నాకు ఉపవాసమని తెలిసి నొచ్చుకున్నాడు.

అది గీతలు బల్ల మీద పరిచింది. ఆయన కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశాడు. చాలాసేపు చూశాడు. ఆయనకి ఎప్పుడర్థమైందో నాకు తెలిసిపోయింది. చూపుడువేలు మొదటి పీక్ మీద ఆగింది, ఇక కదల్లేదు.

"లాంప్ కోసం ఇండెంట్ పెట్టి పెట్టి నా చెప్పులరిగాయి మేడమ్‌గారూ," అన్నాడు చివరికి.

"తెలుసు సార్."

"సార్, అధ్యాయం మార్చి రాస్తాను. నెలాఖరుకి అయిపోతుంది. పగలూ రాత్రీ కూర్చుంటాను," అంది ఆ పిల్ల.

"ఏమని రాస్తావమ్మా?"

"తోక వల్ల తేడా రాలేదని రాస్తాను. ముందొచ్చిన తేడా చిక్కటి సీసాలో అణువులు ఆ వెలుగుని తిరిగి తినడం వల్ల వచ్చిందని."

"తేడా లేదని చెప్పడానికి డాక్టరేట్ ఎవరిస్తారమ్మా? చిక్కగా ఉంటే తింటాయని ఎమ్మెస్సీ పిల్లలకి కూడా తెలుసు. అందులో కొత్తేముంది?"

నిజమే. అదే కదా బాధ. ఆయన తప్పు చెప్పి ఉంటే పోట్లాడేదాన్ని.

"అయితే ఉన్నదున్నట్టు ఇచ్చెయ్యమంటారా సార్?"

"నేనేమీ అనలేదు. పాత అధ్యాయం మీద నా సంతకం ఉంది. కొత్తదాని మీద పెడితే, అచ్చయిన నా పేపరు మీద నేనే పేడ వేసుకున్నట్టు. ఆ పేపరు చూపించే ప్రాజెక్టు తెచ్చుకున్నాను. దానిలో ఇద్దరు పిల్లలు బతుకుతున్నారు." కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "ఎగ్జామినర్లు ఇంత లోతుకి పోరమ్మా," అన్నాడు. గొంతు తగ్గించి, నా వైపు చూడకుండా.

"నేను వైవాలో నిలబడి చెప్పాలి సార్," అంది.

"అడిగితేగా."

"అడగకపోయినా నాకు కనిపిస్తుంది కదా సార్, ఆ బొమ్మ."

ఆయన గీతలన్నీ పోగుచేసి, అంచులు సరిచేసి, దాని చేతిలో పెట్టాడు. అంతే.

తిరుగు బస్సులో నేనేమన్నానో చెప్పమంటావా? ఏమీ అనలేదు. ఇచ్చెయ్యి అనడానికి నోరు రాలేదు, ఇవ్వొద్దు అనడానికి అసలే రాలేదు. దాని జీతమెంతో నాకు తెలుసు. ఏడాదికొకసారి కాలేజీవాళ్ళు కాంట్రాక్టు రెన్యువల్ చేస్తారో లేదోనని ఎట్లా వణుకుతుందో తెలుసు. అది కిటికీలోంచి పత్తి చేలు చూస్తూ కూర్చుంది. ఒక్కసారి మాత్రం నా వైపు తిరిగి, "మేడం, మీరు ఇంగ్లీషు ఒక్కటే దిద్ది ఉంటే బాగుండేది," అంది. తిట్టడం కాదది. నిజంగానే అంది.

నెలాఖరు వచ్చింది, పోయింది. అది ఇవ్వలేదు. ఇచ్చిందేమోనని ఒక మూల నాకు ఆశ ఉండేది, అబద్ధమెందుకు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. వాళ్ళ నాన్న ఎత్తాడు.

"అమ్మగారూ, అదేదో పుస్తకం ఇవ్వాలంట గదా, ఇచ్చిందా?"

"లేదండి."

"రాయడం రాలేదా దానికి?"

"బాగా వచ్చండి. దానికంటే బాగా రాసేవాళ్ళు లేరు."

"మరి?"

ఆ మనిషికి నేనేం చెప్పను అమ్మలూ? పై అంతస్తు, కింది అంతస్తు అని చెప్పనా? చేలో మందు కొట్టి వచ్చి, చేతులు కడుక్కుని, కూతురి ఫోన్ ఎత్తిన మనిషికి? "కొలతలో తేడా వచ్చిందండి," అన్నాను. "మరి సరిచేసుకుంటే పోద్దిగా," అన్నాడు. సరిచేసిందండీ, అందుకే పోయింది, అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

రిజిస్ట్రేషన్ రద్దయింది. తర్వాతి ఏడు కాంట్రాక్టూ రెన్యువల్ కాలేదు, దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో తెలియదు. ఇప్పుడు చీరాలలో ఇంటర్ కాలేజీలో చెబుతోంది. పొద్దున్నే స్టడీ అవర్లు, సాయంత్రం స్టడీ అవర్లు. ఎంట్రన్సుల్లో ఫ్లోరెసెన్స్ రాదు కాబట్టి అది చెప్పాల్సిన పని లేదు. యూనివర్సిటీ ల్యాబులో ఇప్పుడు ఇంకొకమ్మాయి చేరింది. ఇంకా పొడుగు తోక తగిలిస్తున్నారట. ఇంకా చిక్కగా కరుగుతుంది. ఇంకా ఎరుపు వైపుకి పోతుంది. లాంప్ మాత్రం మార్చలేదు.

పోయిన నెల నేను చీరాల వెళ్ళాను కదా, మా చెల్లెలి మనవరాలికి చీరలు తీసుకోవడానికి. అక్కడ దాన్ని చూడటానికి వెళ్ళాను. కాలేజీ మెట్ల మీద కూర్చుని మాట్లాడుకున్నాం. చిక్కింది. చెయ్యి నిండా సుద్దపొడి.

"మిరపకాయల మంటకంటే ఇది నయంలే," అన్నాను.

"మంట లేదు మేడం. ఏమీ లేదు," అంది నవ్వుతూ.

నేను వెళ్ళింది ఒక మాట అడగడానికి. ఆ పేపరు అచ్చేసిన పత్రికకి ఉత్తరం రాద్దామనుకున్నాను. దాని పలచటి గీతలు నా దగ్గరున్నాయి. మొదటి పీక్ ఎక్కడికి పోయిందో ఒక్క పేజీలో రాస్తే చాలు. దాని పేరు పెట్టి రాస్తాను, కనిపెట్టింది అదే కాబట్టి. కనీసం ఆ కొత్తగా చేరిన పిల్ల అయినా ఆగుతుంది. నా వయసుకి ఎవరితో భయం?

చెప్పాను. లోపల ఏదో క్లాసులో పిల్లలు ఒక్క గొంతుతో ఏదో ఫార్ములా అప్పజెబుతున్నారు.

"వద్దు మేడం," అంది.

"ఎందుకే? నువ్వు భయపడేదానివి కాదుగా."

"ఆ పేపర్లో రెండో పేరు నాది మేడం." సుద్దపొడి చీరకి తుడుచుకుంది. "ఎక్కడైనా ఇంటర్వ్యూకి వెళితే చూపించడానికి నా దగ్గర ఉన్నది అదొక్కటే. పోయిన వారం కూడా దాన్ని పెట్టే అప్లై చేశాను."

బెల్లు కొట్టారు. లేచింది. నేను లేవబోతే చెయ్యి అందించింది. "ఎండ పడుతోంది, ఆటో ఎక్కండి మేడం," అని నన్ను గేటు దాకా దింపి, ఆటో అతనితో బేరమాడి ఎక్కించి, క్లాసుకి పోయింది.